ఆరో అంకె కోసం ఎన్నాళ్లు ఆగాలి?

లగ్గం మాట అనుకోగానే నల్గొండ వైపైనా, పాలమూరు వైపైనా ముందు గుర్తొచ్చేది పంచాంగం. అయ్యగారు వచ్చి జాతకాలు చూసి, తారాబలం చూసి, మూఢాలూ శూన్యమాసాలూ వదిలేసి నాలుగు ముహూర్తాలు రాసిస్తే అందులో ఒకటి ఖాయం చేసుకోవడం తరతరాల పద్ధతి. ఆ వరసలోకి కొన్నేళ్లుగా మరో లెక్క వచ్చి చేరింది. ముహూర్తం సంగతి తర్వాత, అసలు ఈ ఏడాది పిల్లకు కలిసొచ్చే ఏడాదేనా, పిలగాడికి కలిసొచ్చే ఏడాదేనా అని అడిగే లెక్క అది. సంఖ్యాశాస్త్రంలో దాన్ని వ్యక్తిగత సంవత్సర సంఖ్య అంటారు. టీవీల్లో పొద్దున్నే వచ్చే కార్యక్రమాల పుణ్యమా అని పేరులో ఒక అక్షరం పెంచుకోవడం, బండి నంబరు కూడి చూసుకోవడం అలవాటైన ఇళ్లలో ఇప్పుడు పెళ్లి సంవత్సరాన్ని కూడా కూడి చూస్తున్నారు.

లెక్క చిన్నదే. పుట్టిన తేదీ, పుట్టిన నెల, పెళ్లి అనుకుంటున్న సంవత్సరం, ఈ మూడింటి అంకెలూ కూడి ఒక్క అంకె మిగిలేదాకా తగ్గించాలి. పుట్టిన సంవత్సరం ఇందులోకి రాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పుట్టిన సంవత్సరంతో సహా కూడితే వచ్చేది విధిసంఖ్య, తేదీ ఒక్కటే తీసుకుంటే జన్మసంఖ్య. ఆ రెండూ జీవితాంతం మారవు. వ్యక్తిగత సంవత్సర సంఖ్య మాత్రం ఏటా ఒక మెట్టు ఎక్కుతూ ఒకటి నుంచి తొమ్మిది దాకా వెళ్లి, మళ్లీ ఒకటికి వస్తుంది.

ఒక సంబంధాన్ని ఉదాహరణగా తీసుకుంటే సంగతి తేలిగ్గా బోధపడుతుంది. అమ్మాయిది మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. పుట్టింది 2001 ఫిబ్రవరి 20. అబ్బాయిది జడ్చర్ల వైపు, పుట్టింది 1997 నవంబర్ 21. ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు, తేదీలు లెక్క కోసం తీసుకున్నవి. కానీ ఇందులో వచ్చే పేచీలు మాత్రం ఎన్నో ఇళ్లలో వినపడేవే.

అమ్మాయి తేదీ 20, అంటే 2. నెల ఫిబ్రవరి, మరో 2. రెండూ కలిపి 4. ఇది ఆమెకు ఎప్పటికీ మారని పునాది. 2026 అంకెలు కూడితే 10, అంటే 1. నాలుగుకు ఒకటి కలిపితే 5. కాబట్టి 2026 అమ్మాయికి అయిదో ఏడాది, 2027 ఆరో ఏడాది. అబ్బాయి తేదీ 21, అంటే 3. నవంబర్ 11వ నెల, అంటే 2. పునాది 5. అతనికి 2026 ఆరో ఏడాది, 2027 ఏడో ఏడాది.

ఆరుకు ఎందుకంత గిరాకీ?

మన దగ్గర సంఖ్యాశాస్త్రం చెప్పేవాళ్లు అంకెలకు గ్రహాలను ముడిపెడతారు. 1 రవి, 2 చంద్రుడు, 3 గురుడు, 4 రాహువు, 5 బుధుడు, 6 శుక్రుడు, 7 కేతువు, 8 శని, 9 కుజుడు. కళ్యాణకారకుడు శుక్రుడు కాబట్టి ఆరో ఏడాదిని పెళ్లి ఏడాది అంటారు. పాశ్చాత్య పుస్తకాలు గ్రహాల జోలికి అంతగా పోకుండానే ఆరును ఇల్లు, కుటుంబం, బాధ్యత అనే మాటలతో చెప్తాయి. దారులు వేరైనా ఇద్దరూ చేరేది ఒక్క చోటికే. ఆ తర్వాతి స్థానం రెండుది. అది జంట అంకె, మనసు కలిసే అంకె. సంబంధం ఖాయం చేసుకోవడానికీ, పూలుపండ్లు మార్చుకోవడానికీ రెండో ఏడాది మంచిదంటారు. ఒకటిని కొత్త బతుకు మొదలుపెట్టే ఏడాదిగా, మూడును నలుగురూ కలిసే సందడి ఏడాదిగా ఒప్పుకుంటారు.

అయిదు మార్పులకూ ప్రయాణాలకూ పెట్టింది పేరు. ఆ ఏడాది ఇచ్చిన మాట నిలవడం కష్టం అంటారు. నాలుగు కష్టపడి పునాదులు వేసుకునేది. ఏడు ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునేది కాబట్టి పెళ్లికి పనికిరాదన్నది ఈ శాస్త్రంలో దాదాపు అందరి మాట. తొమ్మిది మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. అది ముగింపుల ఏడాది, కొత్తది మొదలుపెట్టొద్దని కొందరంటే, పాతది పూర్తయి నిండుదనం వచ్చే ఏడాది కాబట్టి పర్వాలేదని మరికొందరు. ఇక ఎనిమిది సంగతి చెప్పనక్కరలేదు. పాశ్చాత్య పుస్తకాల్లో అది డబ్బు, అధికారం తెచ్చిపెట్టే అంకె. మన దగ్గర శని పేరు తగిలేసరికి దాన్ని చూసి జడుసుకుంటారు. ఒకే అంకె ఒక దేశంలో లక్ష్మి, ఇంకో దేశంలో శని.

ఇప్పుడు జడ్చర్ల వాళ్లకు 2026లోనే లగ్గం కావాలి. వాళ్ల పిలగాడికి ఆరో ఏడాది అదే మరి. మిర్యాలగూడ వాళ్లు 2027 దాకా ఆగుదామంటారు. వాళ్ల పిల్లకు ఆరు అప్పుడే. 2026లో చేస్తే పిల్లకు అయిదు, నిలకడ ఉండదని భయం. 2027లో చేస్తే పిలగాడికి ఏడు, మనసు కలవదని భయం.

ఇద్దరికీ ఆరు వచ్చే ఏడాది చూద్దామని మధ్యవర్తి ఎవరైనా అంటే వినడానికి బాగుంటుంది. లెక్క మాత్రం ఒప్పుకోదు. అమ్మాయి పునాది 4, అబ్బాయి పునాది 5. సంవత్సరం అంకె ఇద్దరికీ ఒకటే కలుస్తుంది కాబట్టి ఆ ఒక్క మెట్టు తేడా ఎన్నేళ్లు గడిచినా అలాగే ఉంటుంది. ఎప్పుడు చూసినా అబ్బాయి ఒక అంకె ముందుంటాడు. తేదీ, నెల కూడితే వచ్చే పునాది ఇద్దరికీ ఒకటే అయితేనే ఇద్దరూ ఒకేసారి ఆరుకు చేరతారు. లేదంటే జన్మలో చేరరు. ఈ సంగతి తెలియక రెండు ఆరులు కలిసే ఏడాది కోసం కాచుకునే పెద్దలు రాని బస్సు కోసం నిల్చున్నట్టే.

పోనీ ఇద్దరికీ ఒకే అంకె అక్కర్లేదు, ఇద్దరికీ మంచి అంకెలు ఉంటే చాలనుకున్నా సరే. 2028లో అబ్బాయికి 8, అమ్మాయికి 7. 2029లో అబ్బాయికి 9, అమ్మాయికి 8. 2030లో అబ్బాయికి 1 బాగుంది గానీ అమ్మాయికి 9. 2031లో అబ్బాయికి 2, అమ్మాయికి 1. అంటే ఎవరికీ అభ్యంతరం లేని ఏడాది 2031. అప్పటికి అమ్మాయికి 30 ఏళ్లు నిండుతాయి. ఈ లెక్కను ఒక నియమంగా పట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడ తెలుస్తుంది. అంకె కోసం సంబంధం అయిదేళ్లు ఆగదు. ఆ లోపల అబ్బాయికి వేరే పిల్ల, పిల్లకు వేరే అబ్బాయి కుదురుతారు.

జనవరి నుంచా, పుట్టినరోజు నుంచా?

పేచీ ఇంత ముదిరాక సాధారణంగా ఎవరో ఒకరు సంఖ్యాశాస్త్రం తెలిసినాయన దగ్గరికి వెళ్తారు. అక్కడ ఇంకో సంగతి తెలుస్తుంది. ఈ శాస్త్రంలో వ్యక్తిగత సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందన్న దాని మీద రెండు పద్ధతులున్నాయి. జనవరి 1న అందరికీ ఒకేసారి మారుతుందని ఒక పద్ధతి. ఎవరి పుట్టినరోజున వాళ్లకు మారుతుందని రెండోది. మొదటిది పాశ్చాత్య పుస్తకాల్లో ఎక్కువ కనపడుతుంది. రెండోదాన్ని పాటించేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

రెండో పద్ధతిలో ఇదే జంటను చూస్తే కథ మారిపోతుంది. అబ్బాయి ఆరో ఏడాది 2026 నవంబర్ 21న మొదలై 2027 నవంబర్ 20 దాకా నడుస్తుంది. అమ్మాయి ఆరో ఏడాది 2027 ఫిబ్రవరి 20న మొదలై 2028 ఫిబ్రవరి 19 దాకా ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడే కాలం 2027 ఫిబ్రవరి 20 నుంచి నవంబర్ 20 వరకు, నిండుగా తొమ్మిది నెలలు. జన్మలో కలవవనుకున్న రెండు ఆరులు మొదలుపెట్టే రోజు మార్చేసరికి కలిసిపోయాయి.

ఇందులో సంతోషించాల్సిందీ ఉంది, అనుమానించాల్సిందీ ఉంది. సంతోషం ఎందుకంటే పేచీ తీరుతుంది. అనుమానం ఎందుకంటే అదే జంటకు, అవే తేదీలకు, ఒక పద్ధతిలో 2031 దాకా దారి లేదు, ఇంకో పద్ధతిలో వచ్చే మాఘంలోనే దారి ఉంది. ఏ పద్ధతి సరైనదో తేల్చే కొలబద్ద ఈ శాస్త్రంలో లేదు. అందుకే నికార్సుగా చెప్పేవాళ్లు తాము ఏ పద్ధతి పాటిస్తారో ముందే చెప్తారు, మనిషిని బట్టి మార్చరు. ఒక సంబంధానికి జనవరి లెక్క, ఇంకో సంబంధానికి పుట్టినరోజు లెక్క వేసి, మధ్యలో శాంతి పూజకో రంగురాయికో ఖర్చు చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త పడాల్సింది అందుకే.

అసలు పుట్టినరోజు ఏది?

పై లెక్కంతా ఒక్క మాట మీద నిలబడింది. పుట్టిన తేదీ సరైనదని. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో అదే అన్నిటికన్నా పెద్ద చిక్కు.

ఇంటి దగ్గర మంత్రసాని చేతుల మీద పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం తీసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఆలస్యంగా వచ్చింది. బడిలో చేర్చేటప్పుడు సారు తేదీ అడిగితే తండ్రి తల గోక్కునేవాడు. సారు పిల్ల వంక ఒకసారి చూసి, బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి అప్పటికి అయిదేళ్లు నిండేలా ఒక తేదీ రాసేవాడు. అందుకే ఈ జిల్లాల పదో తరగతి మెమోల్లో జూన్, జులై పుట్టినరోజులు అన్నన్ని కనపడతాయి. ఊరు ఊరంతా ఎండాకాలం వెళ్లగానే పుట్టిందా అనిపిస్తుంది.

మన మిర్యాలగూడ అమ్మాయికీ అలాగే జరిగిందనుకుంటే, మెమోలో ఉన్నది 2000 జూన్ 10. పెళ్లిళ్ల పేరయ్యకు ఇచ్చిన బయోడేటాలోనూ అదే. అబ్బాయి తల్లి ఆ తేదీ తీసుకుని లెక్క వేస్తే తేదీ 1, నెల 6, పునాది 7. 2026కు 8. శని! 2027కు 9. ఇక ఆమెకు నిద్ర పట్టదు.

“ఏం వదినె, పిల్లకు ఈ యేడు ఎనిమిదొస్తున్నదట గద” అని ఆమె ఫోన్ చేస్తే ఇవతల అమ్మాయి తల్లికి పాలుపోదు. అప్పుడు మాట కలిపేది ముసలామె. “గా బడి తారీకు వట్టుకొని ఏం లెక్కలేస్తరే? మన పిల్ల పుట్టింది శివరాత్రికి ముందటి రోజు. తెల్లారితే జాగారం అనంగ పుట్టింది. నాకు ఎరుక లేదా?”

ముసలామె మాట కొట్టిపారేసేది కాదు. పల్లెల్లో తేదీలు మరిచిపోతారు గానీ పండుగలు మరిచిపోరు. ఏ పండుగకు ఎన్ని రోజుల ముందో వెనకో తెలిస్తే ఆ ఏటి పాత పంచాంగమో క్యాలెండరో చూసి ఇంగ్లీషు తేదీ పట్టుకోవచ్చు. 2001లో మహాశివరాత్రి ఫిబ్రవరి 21, బుధవారం. దానికి ముందటి రోజు ఫిబ్రవరి 20, మంగళవారం. ముసలామెను వారం అడిగితే మంగళవారం అని చెప్పిందంటే తేదీ దాదాపు ఖాయమైనట్టే. తిథి, వారం రెండూ కలిస్తే నమ్మొచ్చు. కలవకపోతే సంవత్సరమే పొరపాటు పడి ఉండొచ్చు, ముందూ వెనకా రెండేళ్ల క్యాలెండర్లు తిరగేయాలి.

ఇంకో చిన్న మెలిక ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మన రోజు సూర్యోదయంతో మారుతుంది. ఇంగ్లీషు రోజు అర్ధరాత్రి మారుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన పిల్లను ఇంట్లో వాళ్లు ముందు రోజు రాత్రి పుట్టిందనే చెప్తారు. మంగళవారం రాత్రి అన్నారంటే అది ఇంగ్లీషు లెక్కలో బుధవారం కావచ్చు. ఒక్క రోజే కదా అనుకోవద్దు. ఈ శాస్త్రంలో ఒక్క రోజు జరిగితే పునాది ఒక మెట్టు జరుగుతుంది, ఆరో ఏడాది ఏకంగా ఒక సంవత్సరం జరుగుతుంది. అమ్మాయిది ఫిబ్రవరి 19 అయితే పునాది 3, ఆరు వచ్చేది 2028లో. 21 అయితే పునాది 5, అబ్బాయితో సమానం, ఇద్దరికీ 2026లోనే ఆరు. గంటల తేడాతో పేచీ మొత్తం మాయమైపోతుంది. కాబట్టి లెక్క వేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న పుట్టిన పొద్దు గురించి. పొద్దు తెలియదంటే ఆ అంకె మీద ఏ నిర్ణయమూ పెట్టకూడదు.

ఒక్క చోట మాత్రం ముసలామె చెప్పిన తేదీ చెల్లదు, కాగితం మీద ఉన్నదే చెల్లుతుంది. అది చట్టం దగ్గర. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. 2014 అక్టోబర్‌లో మొదలైన కల్యాణలక్ష్మికి దరఖాస్తు చేసేటప్పుడు కూడా వయసు చూసేది కాగితాల్లోనే. “పిల్లకు ఈ యేడే ఆరొచ్చింది, దాటితే మల్ల తొమ్మిదేండ్లకు గని రాదు” అని పదిహేడేళ్ల పిల్లకు తొందరపడే ఇళ్లు ఉన్నాయి. ముంబైకో పుణెకో పనికి పోతూ పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియని పాలమూరు కుటుంబాల్లో ఆ తొందరకు వేరే కారణం ఉంటుంది, అంకె ఒక సాకు దొరుకుతుంది అంతే. ఆరో ఏడాది అన్న మాట తాసిల్దారు దగ్గరా చెల్లదు, పోలీసు దగ్గరా చెల్లదు. సంఖ్యాశాస్త్రం కూడా వయసు నిండని పెళ్లికి ఎక్కడా ఒప్పుకోలేదు.

పంచాంగంలో లేని లెక్క

ఇది అనాదిగా వస్తున్న మన శాస్త్రమేనని చాలామంది అనుకుంటారు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాల్లో ఇది ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు. ఇది నడిచేది ఇంగ్లీషు తేదీలతో. ఇప్పుడు వాడుకలో ఉన్న సంఖ్యాశాస్త్రం చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో అమెరికా, ఇంగ్లండులలో రూపు దిద్దుకున్నది. పైథాగరస్ పేరు చెప్తారు గానీ, ఆయన స్వయంగా రాసినదేదీ నేటికి మిగల్లేదు. మన దేశంలో అంకెల మోజుకు ఎక్కువ కారకుడు కీరో. 1866లో పుట్టి 1936లో పోయిన ఐరిష్ హస్తసాముద్రికుడు ఆయన. ఆయన పుస్తకాలే చాలా భాషల్లోకి పాకాయి. అంకెలకు గ్రహాలు అతికాక అది మనింటి శాస్త్రంలాగే కనపడటం మొదలైంది.

ఇంగ్లీషు సంవత్సరం మీద ఆధారపడటంలో ఒక ఇబ్బంది ఉంది. 2026ను కూడితే 1 వస్తుంది. అదే ఏడాది ఉగాది రోజుల్లో మొదలయ్యే శాలివాహన శకం 1948. కూడితే 22, అంటే 4. పహాణీ కాగితాల్లో ఈ జిల్లాల రైతులకు బాగా తెలిసిన ఫసలీ లెక్కలో 2026 జులైలో మొదలయ్యేది 1436. కూడితే 14, అంటే 5. కాలం ఒక్కటే, అంకెలు మూడు. ఏ అంకె నిజంగా కాలం స్వభావం చెప్తుందో ఎవరు చెప్పగలరు? నాలుగుసార్లు పహాణీ తిరగేసిన తాతకు ఈ ప్రశ్న తట్టకుండా ఉండదు.

మన లెక్కలో 2026 ఉగాదికి వచ్చిన పేరు పరాభవ. 2027 ఉగాదికి వచ్చేది ప్లవంగ. పరాభవ అన్న పేరు విని పెళ్లి మానుకున్నవాళ్లు మాత్రం ఎక్కడా కనపడరు. అరవై ఏళ్ల పేర్లతో తాతముత్తాతల నుంచి కాపురం చేసినవాళ్లకు పేరు వేరు, ఫలం వేరు అని తెలుసు.

నమ్మకం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇంట్లోనే చేసి చూసుకోదగిన పరీక్ష ఒకటుంది. ఇనుప బీరువాలో దాచిన పాత శుభలేఖలు తీయాలి. నలభై యాభై పెళ్లిళ్ల తేదీలు దొరికితే చాలు. పుట్టిన తేదీ సరిగ్గా తెలిసిన దంపతులను మాత్రమే తీసుకుని, పెళ్లి ఏడాదికి ఇద్దరి అంకెలూ వేయాలి. కాపురం ఎలా నడిచిందో ఒకరు ముందే వేరే కాగితం మీద రాసి పెట్టాలి, అంకె చూసిన తర్వాత కాదు. అంకె చూశాక రాస్తే ఏడులో పెళ్లయిన బాబాయి పిన్నమ్మల చిన్న చిన్న గొడవలన్నీ గుర్తొస్తాయి, ఆరులో పెళ్లయిన మామ అత్తల పెద్ద గొడవ మరుపుకొస్తుంది. అంకెకూ కాపురానికీ సంబంధం లేకపోతే తొమ్మిది మందిలో ఒకరు చొప్పున అన్ని అంకెల్లోనూ సుమారుగా సమానంగా ఉంటారు. మంచి కాపురాలు ఆరులో కుప్పపడి ఉంటేనే ఆలోచించాలి. అలా కుప్పపడుతుందని నిరూపించిన పరిశోధన ఏదీ లేదు.

జడ్చర్ల, మిర్యాలగూడల మధ్య తెగిన లెక్క

అంత మాత్రాన ఇంట్లో పెద్దామె మాటను నవ్వి తోసేయమని కాదు. ఆమె అంకె అడుగుతున్నదంటే లోపల ఇంకేదో బెంగ ఉంది. అబ్బాయి తల్లి 2026 అని పట్టుబట్టడం వెనక పిలగాడికి ముప్ఫై దగ్గరపడుతున్నదన్న దిగులు ఉండొచ్చు. అమ్మాయి తండ్రి 2027 అనడం వెనక డబ్బు ఉండొచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వడ్లు కోసి అమ్ముకునేది ఏప్రిల్, మే నెలల్లో. పాలమూరు పత్తి అమ్ముడుపోయేది చలికాలంలో. ఏ ఇంట్లో చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో ఆ ఇల్లు అప్పుడే పెళ్లి కోరుకుంటుంది. పైకి మాత్రం అయిదు, ఆరు అని అంకెలు చెప్తుంది. మేనమామ లాంటివాడు ఒకడు చొరవ తీసుకుని, “బావా, అంకె సంగతి జరసేపు పక్కకు పెట్టుర్రి, పైసల సంగతి చెప్పుర్రి” అని అడిగితే సగం పేచీ అక్కడే తెగుతుంది.

పుట్టినరోజు పద్ధతి ఇచ్చిన తొమ్మిది నెలలను పంచాంగంతో కలిపి చూస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. 2027 ఫిబ్రవరి 20 తర్వాత మార్చి మొదటి వారం దాకా మాఘం, ఆ తర్వాత ఫాల్గుణం. ఉగాది ఏప్రిల్ 7న. మే రెండో వారం నుంచి జూన్ మొదటి రోజుల దాకా వైశాఖం, ఆ తర్వాత జ్యేష్ఠం. జులై దాదాపు మొత్తం ఆషాఢం. ఆగస్టు ప్రాంతంలో గురుడూ శుక్రుడూ సూర్యుడికి చేరువవుతారు కాబట్టి శ్రావణంలో మూఢం మాట అయ్యగారిని తప్పకుండా అడగాలి. తర్వాత భాద్రపదం ఎలాగూ లేదు. ఇద్దరూ ఇంట్లో పెద్దపిల్లలైతే జ్యేష్ఠం కూడా వదిలేస్తారు.

ఏడాది మొదటి సగంలో ముఖ్యంగా మిగిలేది మాఘ ఫాల్గుణాలు, వైశాఖం. మాఘంలో అయితే పత్తి డబ్బు చేతిలో ఉన్న జడ్చర్ల వాళ్లకు అనుకూలం, వడ్లు ఇంకా పొట్ట మీద ఉన్న మిర్యాలగూడ వాళ్లకు ఇబ్బంది. వైశాఖంలో అయితే వడ్లు అమ్ముడై ఉంటాయి, ఎండలు మాత్రం తప్పవు. ఖర్చు ఎక్కువ పడేది పిల్ల వాళ్లకే కాబట్టి, వరపూజ 2026లోనే, అబ్బాయికి నవంబర్ 21న ఆరో ఏడాది మొదలయ్యాక చేసుకుని, లగ్గం వైశాఖానికి పెట్టుకుంటే ఎవరి పట్టూ పోదు. జడ్చర్ల వాళ్లకు 2026లో మాట ఖాయమైందన్న ధీమా, మిర్యాలగూడ వాళ్లకు పంట చేతికొచ్చే వెసులుబాటు.

ఇక ముసలామెకు మిగిలిన పని ఒక్కటే. ఆ మంగళవారం పిల్ల పుట్టినప్పుడు కోడి కూసిందా లేదా అని గుర్తు తెచ్చుకోవడం.